ఉక్కపోతలో పొద్దంతా వేసుకునే లోదుస్తులు: సరైన సైజు, సరైన బట్ట పట్టుకునే పద్ధతి

ఎండాకాలం రాగానే చాలామంది ఆడవాళ్లు చేసే పని ఒకటుంది. ఉన్న బ్రా బిగుతుగా, చిరాగ్గా అనిపించి, కాస్త గాలాడుతుందని ఒక సైజు పెద్దది కొంటారు. రెండు రోజులు హాయిగానే ఉంటుంది. మూడో రోజుకి రొమ్ముల కింద ఎర్రటి చార పడుతుంది. వారానికి మంట మొదలవుతుంది. అప్పుడు తప్పంతా బట్టదేనని, కాటన్ కాదేమోనని ఇంకొకటి కొంటారు, అదీ పెద్ద సైజే. నేనూ కొన్నేళ్లు ఇదే చేశాను.

గాలిలో తేమ ఎక్కువగా ఉన్నచోట సైజు, బట్ట అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు కావు. మనం బట్టను పొడిగా ఉన్నప్పుడు వేసి చూసి కొంటాం, కానీ రోజంతా తడిగా వేసుకుంటాం. పొడిగా ఉన్నప్పుడు సరిపోయినది తడిసి సాగాక సరిపోకపోవచ్చు. పొడిగా మెత్తగా ఉన్నది తడిసి ఒరుసుకోవచ్చు. అందుకే కొలత దగ్గర నుంచి బట్ట దాకా ప్రతి అడుగులోనూ "ఇది తడిస్తే ఏమవుతుంది?" అని చూసుకోవాలి. లోదుస్తుల్లో సైజు ఎక్కువగా తప్పేది బ్రా దగ్గరే కాబట్టి ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను. ప్యాంటీలు, మగవాళ్ల డ్రాయర్ల సంగతి తర్వాత వస్తుంది.

ముందుగా చెమట సంగతి

చెమట ఒంటిమీద ఉన్నంత మాత్రాన చల్లబడం. అది ఆవిరై పోయేటప్పుడు ఒంట్లోని వేడిని పట్టుకుపోతుంది. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే చెమట అంత తేలిగ్గా ఆవిరి కాదు, నీళ్లుగానే చర్మం మీద నిలబడుతుంది. అలా గంటల తరబడి నానిన చర్మం మెత్తబడుతుంది. తడి చర్మానికి, బట్టకి మధ్య రాపిడి పొడిగా ఉన్నప్పటికంటే ఎక్కువ. ఈ రెండూ కలిసిన చోట ఒక బట్ట అంచు అరంగుళం పైకీ కిందకీ కదులుతూ ఉంటే, సాయంత్రానికి చర్మం లేచిపోతుంది. వదులు బ్రా చేసే పని సరిగ్గా అదే. నడిచిన ప్రతిసారీ, చెయ్యెత్తిన ప్రతిసారీ కదులుతుంది.

దీనికంటే పెద్ద సమస్య ఇంకొకటి ఉంది. రొమ్ము కింద చర్మం, పొట్ట పైన చర్మం ఒకదానికొకటి తగిలి ఉన్నచోట గాలి అసలు వెళ్లదు. మధ్యలో బట్ట ఉంటే చెమటను అది లాక్కుంటుంది. రొమ్ముల కింద ఒంటి చుట్టూ తిరిగే బ్యాండ్ వదులై పైకి జరిగిపోతే ఆ మడతలో బట్ట ఉండదు, చర్మానికి చర్మమే తగులుతుంది. అంటే గాలి కోసమని పెద్ద సైజు కొని, గాలి అవసరమైన చోటునే మూసేసుకుంటున్నాం.

మొదటి అడుగు: సాయంత్రం కొలవండి

పొద్దున లేవగానే కొలిస్తే తక్కువ వస్తుంది. వేడికి, రోజంతా నిలబడడానికి ఒళ్లు కొంచెం ఉబ్బుతుంది. నెలసరికి ముందు రోజుల్లో రొమ్ములు కూడా బరువెక్కుతాయి. కాబట్టి మామూలు రోజున, సాయంత్రం పని నుంచి వచ్చి, స్నానం చేసి ఒళ్లు పూర్తిగా ఆరాక కొలవాలి. టైలర్లు వాడే మెత్తటి టేపు చాలు. ప్యాడింగ్ లేని పల్చటి బ్రా మీదగానీ, ఏమీ లేకుండాగానీ కొలవండి. బట్టల మీద నుంచి తీసిన కొలత పనికిరాదు.

తీయాల్సిన కొలతలు మూడే. మొదటిది రొమ్ముల కింద, పక్కటెముకల చుట్టూ. టేపు వీపు వైపు పైకి ఎక్కకుండా నేలకు సమాంతరంగా ఉండాలి. ఊపిరి మామూలుగా వదిలి, టేపు ఒంటికి అంటేలా గట్టిగా పట్టాలి. చర్మంలోకి దిగకూడదు, అలాగని జారకూడదు. రెండోది నిటారుగా నిలబడి, రొమ్ముల మీద అన్నిటికంటే ఎత్తుగా ఉన్నచోట చుట్టూ, టేపు వదులుగా పట్టి. మూడోది ఇదే కొలత, కాకపోతే నడుము దగ్గర ముందుకు వంగి, వీపు బల్లపరుపుగా ఉంచి. నిలబడి తీసిన కొలతలో కిందికి జారిన భాగం లెక్కకు రాదు, వంగినప్పుడు వస్తుంది. రెండో, మూడో కొలతల సగటు తీసుకుంటే కప్పు లెక్క నిజానికి దగ్గరగా వస్తుంది. అద్దం ముందు నిలబడి తీసుకోండి, లేకపోతే వీపు వైపు టేపు ఎక్కడుందో తెలియదు.

లెక్క ఎలా వెళ్తుందో మా పిన్ని కూతురి విషయంలో చెబుతాను. తను నర్సు. పన్నెండు గంటల డ్యూటీ, అందులో ఎక్కువసేపు నడకే. చాలాకాలంగా 36బి వేసుకునేది. రొమ్ముల కింద ఎప్పుడూ ఎర్రగా ఉండేది, భుజాల మీద స్ట్రాపుల గుంటలు. ఆమె కొలతలు: కింద చుట్టుకొలత 33 అంగుళాలు (84 సెం.మీ.), నిలబడి 37, వంగి 38. సగటు 37న్నర.

రెండో అడుగు: కొలత నుంచి సైజుకి

ఇక్కడ ఒక చిక్కు ఉంది. లేబుల్ మీద నంబరు వేసే పద్ధతి అందరికీ ఒకటి కాదు. కొన్ని చార్టులు కింద చుట్టుకొలతనే దగ్గరి సరి సంఖ్యకి మార్చి బ్యాండ్ నంబరుగా తీసుకుంటాయి. కొన్ని దానికి నాలుగైదు అంగుళాలు కలుపుతాయి. సెంటీమీటర్లలో 70, 75, 80 అని వేసే పద్ధతి ఇంకొకటి. అందుకే ఒక కంపెనీలో 34 సరిపోయిన మనిషికి ఇంకో కంపెనీలో 36 కావాల్సి వస్తుంది. ఇదేమీ ఒళ్లు పెరగడం కాదు.

కలపడం అనే పాత లెక్క ఎంత తేడా తెస్తుందో మా చెల్లి కొలతలతోనే చూడొచ్చు. 33కి 5 కలిపితే బ్యాండ్ 38. ఆమె రొమ్ముల చుట్టుకొలతే 37న్నర. బ్యాండ్ కంటే ఛాతీ చిన్నదని తేలింది! నేను చెప్పేది ఏమీ కలపని లెక్క. 33 తర్వాత వచ్చే సరి సంఖ్య 34. 37న్నరలోంచి 34 తీసేస్తే మూడున్నర. ఒక అంగుళం తేడా అయితే ఎ కప్పు, రెండైతే బి, మూడైతే సి, నాలుగైతే డి. మూడున్నర అంటే సి, డి మధ్యలో ఉంది. కాబట్టి ట్రయల్‌కి తీసుకెళ్లాల్సినవి 34సి, 34డి. ఇది వెతకడం మొదలుపెట్టే చోటు మాత్రమే.

తను ఇన్నాళ్లూ 36బి ఎందుకు సరిపోయిందనుకుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. కప్పు అక్షరానికి విడిగా అర్థం లేదు, పక్కన ఉన్న నంబరుతో కలిపి చదవాలి. బ్యాండ్ ఒక సైజు పెంచి కప్పు ఒక అక్షరం తగ్గిస్తే కప్పులో పట్టే పరిమాణం దాదాపు అదే ఉంటుంది. 36బి కప్పు, 34సి కప్పు ఇంచుమించు ఒకటే. అద్దంలో చూస్తే కప్పు పర్వాలేదనిపిస్తుంది. వదులుగా ఉన్నది వీపు వైపు, అక్కడ మనం చూసుకోం.

లేబుల్‌ని నమ్మకుండా ఉండడానికి ఒక చిన్న పని చేయండి. చేతిలోకి తీసుకున్న బ్రాను చివరి హుక్కులో, అంటే అన్నిటికంటే వదులు హుక్కులో పెట్టినట్టు ఊహించుకుని, బ్యాండ్‌ను టేపు పక్కన పెట్టి లాగండి. మామూలు బలంతో ఎంతవరకు సాగుతుందో ఆ పొడవు మీ కింద చుట్టుకొలతకి సమానంగానో, ఒక అంగుళం ఎక్కువగానో ఉంటే అది మీ బ్యాండ్. రెండు మూడు అంగుళాలు ఎక్కువ సాగితే లేబుల్ మీద ఏ నంబరున్నా అది మీకు వదులే. మా చెల్లి పాత 36 లాగితే 38 దాటింది. కొత్త 34 లాగితే సరిగ్గా 34 దగ్గర ఆగింది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు ఈ అవకాశం ఉండదు కాబట్టి, లేబుల్ నంబరు కాకుండా చార్టులో సెంటీమీటర్ల వరుస చూసి, తమ కింద చుట్టుకొలత ఏ గడిలో పడుతుందో అది ఎంచుకోవాలి.

మూడో అడుగు: వేసుకుని చూడడం

బ్రా వేసుకుని, ముందుకు కొంచెం వంగి, చంక వైపు నుంచి చేత్తో కప్పులోకి సర్దుకోండి. చంక దగ్గర మిగిలిపోయేది చాలాసార్లు కొవ్వు కాదు, కప్పు చిన్నదై బయటికి నెట్టిన రొమ్మే. సర్దుకున్నాక చూస్తే కప్పు సైజు మారిపోయిందనిపించవచ్చు.

కొత్త బ్రాను చివరి హుక్కుకే పెట్టుకుని చూడాలి. వాడుతూ ఉంటే ఎలాస్టిక్ సాగుతుంది. అప్పుడు లోపలి హుక్కులకి వెళ్లడానికి చోటుండాలి. మొదటి రోజే బిగుతు హుక్కు పెట్టుకోవాల్సి వస్తే ఆ బ్రా పెద్దది.

ఆ తర్వాత స్ట్రాపులు రెండూ భుజాల నుంచి కిందికి దించేయండి. నాలుగడుగులు నడవండి. బ్యాండ్ ఉన్నచోటే ఉండాలి. బరువు మోయాల్సింది బ్యాండే, స్ట్రాపులు కప్పు పై అంచును ఒంటికి పట్టి ఉంచడానికి మాత్రమే. మా చెల్లి 36బితో ఈ పరీక్ష చేస్తే బ్యాండ్ ముందు వైపు రెండు వేళ్లు కిందికి దిగిపోయింది. ఇన్నాళ్లూ బరువంతా భుజాల మీద ఉందన్నమాట, గుంటలు అందుకే.

స్ట్రాపులు మళ్లీ వేసుకుని రెండు చేతులూ పైకెత్తండి. కింద అంచు రొమ్ము మీదకి ఎక్కితే వదులు. వీపు వైపు బ్యాండ్ కిందికి రెండు వేళ్లు తేలిగ్గా దూరాలి, పిడికిలి దూరకూడదు. ఊపిరి నిండా పీల్చినప్పుడు పక్కటెముకలకు అడ్డం పడకూడదు. బిగుతు వద్దని చెప్పడం లేదు, కదలిక వద్దని చెబుతున్నాను. ఈ రెండింటికీ మధ్య హద్దు ఇలా తెలుస్తుంది: పది నిమిషాలు వేసుకుని తీసేస్తే లేత గీత పడి కాసేపట్లో పోవాలి. లోతుగా దిగి గంట తర్వాత కూడా కనిపిస్తుంటే బ్యాండ్ చిన్నది.

కప్పు దగ్గర చూడాల్సిన ముఖ్యమైన చోటు కింది అంచు. అది సరిగ్గా రొమ్ము కింది మడతలో కూర్చోవాలి. మడతకి కింద పొట్ట మీద ఉన్నా, మడత పైన రొమ్ము మీద ఉన్నా ఉక్కలో ఇబ్బందే. వేలు పెట్టి తడిమి చూడండి: చర్మానికి చర్మం తగలకుండా మధ్యలో బట్ట ఉందా? పై అంచు రొమ్మును కోసినట్టు ఉండి పైన ఉబ్బు కనిపిస్తే కప్పు చిన్నది. బట్ట ముడతలు పడితే పెద్దది. రెండు కప్పుల మధ్య ఉండే ముక్క ఛాతీ ఎముకకి దగ్గరగా ఉండాలి. మా చెల్లికి 34సిలో ఆ ముక్క పైకి లేచి గాల్లో నిలబడింది, 34డిలో ఆనుకుంది. "డి"యా అని మొహం మాడ్చుకుంది గానీ, వేసుకుని మెట్లెక్కి దిగి వచ్చాక ఇంకేం మాట్లాడలేదు.

వైరు ఉండాలా వద్దా అని అడుగుతారు. మడతలో సరిగ్గా కూర్చున్న వైరు ఎండలో కూడా బాధించదు, పైగా రొమ్మును పైకి లేపి మడతకి గాలి తగిలేలా చేస్తుంది. సరిపోని వైరు మాత్రం తడి చర్మం మీద రంపంలా పనిచేస్తుంది. సైజు మీద నమ్మకం కుదిరేదాకా వైరు లేని, కుట్లున్న కప్పే మంచిది. గట్టిగా నొక్కిపట్టే స్పోర్ట్స్ బ్రా పరుగుకి బాగుంటుంది. పన్నెండు గంటలపాటు వేసుకోవడానికి వద్దు, రెండు రొమ్ములనూ కలిపి నొక్కేస్తుంది కాబట్టి మధ్యలో చెమట ఎటూ పోదు. తడిసిపోయాక తల మీద నుంచి తీయడం కూడా ఒక యుద్ధమే.

నాలుగో అడుగు: బట్ట

"ఎండకి కాటన్" అన్న మాట సగమే నిజం. నూలు పోగు తేమను తనలోకి తాగుతుంది. మామూలు గాలిలో ఆరిన నూలులో కూడా దాని పొడి బరువులో సుమారు 8.5 శాతం తేమ ఉంటుంది, పాలిస్టర్‌లో 0.4 శాతమే. అందుకే కొద్దిగా చెమట పట్టినప్పుడు కాటన్ ఒంటికి పొడిగా అనిపిస్తుంది. కానీ ఉక్కలో చెమట ఆగదు. పోగు తాగాల్సినంత తాగేశాక కాటన్ బరువెక్కుతుంది, సాగుతుంది, ఆరడానికి గంటలు పడుతుంది. పాలిస్టర్ పోగు నీళ్లు తాగదు. బాగా అల్లినదైతే పోగుల మధ్య సందుల్లోంచి చెమటను పక్కకి పాకించి త్వరగా ఆరిపోతుంది. కాకపోతే వాసన పట్టుకుంటుంది, కొందరి చర్మానికి జిగురుగా అనిపిస్తుంది. నైలాన్ ఈ రెండింటి మధ్య ఉంటుంది.

కాబట్టి ఏది గొప్ప అని కాకుండా, ఒకే బ్రాలో ఏ భాగానికి ఏది అన్నది చూడాలి. రొమ్ము కింది మడతకి తగిలే లోపలి పొర పల్చటి కాటన్ గానీ మోడల్ అనే మెత్తటి రకం బట్ట గానీ అయితే మంచిది. చెమటను లాగాల్సింది అక్కడే. వీపు, పక్కలు మాత్రం వల బట్ట అయితే బాగుంటుంది, నైలాన్, స్పాండెక్స్ కలిసినది. అది తడిసినా సాగిపోదు, రంధ్రాల్లోంచి గాలి వెళ్తుంది, ఇట్టే ఆరుతుంది. మొత్తం కాటన్‌దే కావాలనుకుంటే వంద శాతం కాటన్ కాకుండా 92 నుంచి 95 శాతం కాటన్, మిగిలినది స్పాండెక్స్ ఉన్నది తీసుకోండి. కాటన్ జెర్సీకి తిరిగి ముడుచుకునే గుణం తక్కువ. ఒక్క కాటన్‌తోనే కుట్టిన బ్యాండ్ పొద్దున 34లా ఉండి, సాయంత్రానికి 36 అవుతుంది. మొదట్లో చెప్పిన కథ మళ్లీ మొదలవుతుంది.

వెదురు బట్ట అని అమ్మేది చాలావరకు వెదురు గుజ్జు నుంచి తీసిన విస్కోసే. మెత్తగా, చల్లగా ఉంటుంది, కాటన్ కంటే ఎక్కువ తేమ పీలుస్తుంది, కానీ తడిసినప్పుడు బలం తగ్గుతుంది. ప్యాంటీలకి బాగుంటుంది, బరువు మోసే బ్యాండ్‌కి కాదు. ఇక స్పంజి కప్పుల సంగతి: రోజంతా తొడుక్కునేదానికి వద్దే వద్దు. ఆ స్పంజి చెమట పీల్చుకుని మధ్యాహ్నానికల్లా తడి గుడ్డ కట్టుకున్నట్టు ఉంటుంది, ఉతికినా లోపల ఆరదు. చనుమొనలు కనిపిస్తాయన్న ఇబ్బంది ఉంటే రెండు పొరల పల్చటి కప్పు ఉన్నది వెతకండి.

బట్ట తెలుసుకోవడానికి మూడు తేలికైన పరీక్షలున్నాయి. బట్టను వెలుతురుకి పట్టి సాగదీయకుండా చూడండి. వెలుతురు సన్నగా, సమంగా కనిపించాలి. తర్వాత రెండు వేళ్లతో అంగుళం మేర సాగదీసి వదలండి. వెంటనే పూర్తిగా వెనక్కి రావాలి. అల నిలిచిపోతే ఒక్క నెలకే వదులవుతుంది. ఇంటికి తెచ్చాక ఒకసారి ఉతికి (కొత్త బట్ట మీద ఉండే పూత వల్ల నీళ్లు జారిపోతాయి) లోపలి వైపు ఒక నీటి చుక్క వేయండి. మంచి బట్టలో చుక్క కొన్ని సెకన్లలో ఇంకి, వెడల్పుగా పాకుతుంది. చిన్న మచ్చగా అక్కడే నిలబడితే చెమట కూడా అలాగే ఒకేచోట నిలబడుతుంది.

ఐదో అడుగు: తడి ట్రయల్

అరడజను ఒకేసారి కొనకండి. ఒక్కటి కొనండి. సెలవు రోజున ఇంట్లోనే, నీళ్లలో ముంచి గట్టిగా పిండి, ఆ చెమ్మ మీదే వేసుకోండి. గంటసేపు ఇంటి పని చేయండి: వంగండి, ఊడవండి, మెట్లెక్కండి. వినడానికి పిచ్చిగా ఉంటుంది గానీ, మధ్యాహ్నం మూడు గంటల ఒంటి పరిస్థితిని గంటలో తెచ్చుకోవడానికి ఇంతకంటే మార్గం నాకు తెలియదు.

గంటయ్యాక అద్దం ముందు మూడు చూడండి. బ్యాండ్ వీపు వైపు పైకి ఎక్కిందా? మడతలో బట్ట ఇంకా ఉందా? కుట్టు గానీ లేబుల్ గానీ గుచ్చుకున్నచోట ఎరుపు ఉందా? మా చెల్లి మొదట తెచ్చిన 34డి పొడిగా చక్కగా ఉంది. తడి ట్రయల్‌లో పక్క కుట్టు చంక కింద ఒరిసింది. సైజు సరైనదే, కుట్టు తప్పు. అదే సైజులో కుట్టు బయటి వైపు ఉన్న రకం తెచ్చుకుంది. డ్యూటీలో ఒరుసుకుని తెలుసుకోవడం కంటే ఇంట్లో తెలియడం మేలు కదా.

నడుము కింద

ప్యాంటీకి నడుము కంటే పిరుదుల చుట్టుకొలత ముఖ్యం. నడుము ఎలాస్టిక్ సాగుతుంది, పిరుదుల దగ్గర బట్ట చాలకపోతే లోపలికి ముడుచుకుని మడతల్లో దూరుతుంది. చార్టులో రెండు కొలతలూ వేర్వేరు సైజుల్లో పడితే పిరుదుల కొలతనే పట్టించుకోండి. ఆపైన ఒకసారి కుర్చీలో కూర్చుని చూడాలి. గజ్జల్లో ఎలాస్టిక్ కోస్తే ఒక సైజు పెంచడం కంటే కాలి అంచు తీరు మార్చడం మంచిది: బట్టలోనే కలిపి అల్లిన వెడల్పు అంచు, విడిగా కుట్టిన సన్నటి ఎలాస్టిక్ కంటే తడిలో తక్కువ ఒరుస్తుంది. కాళ్ల మధ్యలో తగిలే పొర మాత్రం కాటనే ఉండాలి, మిగతా ప్యాంటీ ఏ బట్టదైనా.

తొడలు ఒరుసుకునేవాళ్లు, ఆడవాళ్లయినా మగవాళ్లయినా, కాళ్లున్న రకం వేసుకోవాలి. దాని పొడవు ఎంత ఉండాలో తెలుసుకోవడం తేలిక. నిలబడితే తొడలు ఎక్కడిదాకా ఒకదానికొకటి తగులుతున్నాయో చూసి, దానికి రెండు అంగుళాల కిందికి అంచు రావాలి. అంచు సరిగ్గా తగిలేచోటే ఉంటే అది చుట్టుకుని పైకి లేచి తాడులా మారుతుంది.

మగవాళ్లలోనూ వదులు భ్రమ ఉంది. వదులు బాక్సర్ గాలాడుతుందనుకుంటారు. ఇంట్లో ఫ్యాను కింద నిజమే. ప్యాంటు కింద రోజంతా తిరిగేటప్పుడు మాత్రం వృషణాల చర్మం, తొడ చర్మం నేరుగా అంటుకుని తడిసిపోతాయి. ఒంటికి పట్టి ఉండి, ముందువైపు సంచిలా విడిగా ఎత్తి ఉంచే ట్రంక్ ఆ రెండు చర్మాల మధ్య బట్టను నిలబెడుతుంది. బ్రా బ్యాండ్ చేసే పనే ఇది.

రోజు మధ్యలో, ఉతుకులో

ఎంత మంచి బట్టయినా పన్నెండు గంటల ఉక్కకి తట్టుకోదు. వీలుంటే మధ్యలో ఒకసారి మార్చుకోండి. బ్రా మార్చుకోవడం కుదరకపోతే మడతలను పొడి గుడ్డతో అద్ది, రుద్దకుండా, తుడుచుకోవాలి. ప్యాంటీ, డ్రాయర్ మార్చడం తేలికే, సంచిలో ఒకటి ఉంచుకుంటే సరి.

తేమ గాలిలో రాత్రి ఉతికింది పొద్దునకి ఆరదు. ముట్టుకుంటే ఆరినట్టుండి ఎలాస్టిక్ దగ్గర చెమ్మ మిగిలి ఉంటుంది. అలా వేసుకుంటే రోజు మొదలే తడితో మొదలవుతుంది. అందుకని రోజూ వేసుకునేవాళ్లకి కనీసం నాలుగు బ్రాలు చేతిలో ఉండాలి: ఒకటి ఒంటిమీద, రెండు ఆరుతూ, ఒకటి సిద్ధంగా. ప్యాంటీలు ఇంకా ఎక్కువ. ఉతికేటప్పుడు బ్లీచింగ్, వేడినీళ్లు రెండూ స్పాండెక్స్‌ను తినేస్తాయి. బట్ట మెత్తబడాలని కలిపే కండిషనర్ నీటిని పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది. మామూలు సబ్బు, చల్లనీళ్లు, బాగా జాడించడం, అంతే. సబ్బు మిగిలిపోయినా తడి చర్మానికి దురద పెడుతుంది.

చర్మం మీద గుర్తులు

ఏదో తేడా వచ్చినప్పుడు ఆ గుర్తు ఆకారమే కారణం చెబుతుంది. బ్యాండ్ అంచు వెంబడి సన్నటి ఎర్రగీత ఉంటే బిగుతో, అంచు కుట్టో. మడత మొత్తం ఎర్రగా, తడిగా, మంటగా ఉంటే చర్మానికి చర్మం తగులుతోంది, బ్యాండ్ పైకి జరుగుతోందేమో చూడాలి. కప్పు కింద సన్నటి గుచ్చుకునే చెమటకాయలు వస్తే బట్ట మందం ఎక్కువ, స్పంజి ఉంటే అది మానేయాలి.

కొన్నింటికి లోదుస్తులు మార్చితే సరిపోదు. మడతలో ఎరుపు చుట్టూ చిన్నచిన్న పొక్కులు చెదిరినట్టు ఉంటే ఈస్ట్ చేరి ఉండవచ్చు. గజ్జల్లో అంచు ఎత్తుగా, మధ్యలో తేటగా ఉండి పాకుతున్న వలయం తామర కావచ్చు. వీటికి ఎవరో చెప్పారని స్టెరాయిడ్ కలిసిన మలాం రాస్తే దురద తగ్గినట్టే అనిపించి తామర ఇంకా పాకుతుంది, డాక్టరు గుర్తుపట్టడం కూడా కష్టమవుతుంది. ఒక్క వైపు చనుమొన దగ్గర మాత్రమే పొలుసులు, పుండులాంటిది వారాల తరబడి మానకపోతే దాన్ని బ్రా మీదకి నెట్టేయకుండా చూపించుకోవాలి.

మా చెల్లికి రొమ్ము కింద ఎరుపు కొత్త బ్రాలు మొదలుపెట్టిన రెండు వారాల్లో పోయింది. ఎనిమిది నెలలు గడిచాక మళ్లీ కనిపించిందని ఫోన్ చేసింది. ఏ హుక్కు పెట్టుకుంటున్నావని అడిగితే, లోపలి హుక్కు అంది. బ్యాండ్‌ను టేపు పక్కన లాగి చూడమన్నాను. 36న్నర దాకా సాగింది. నాలుగింటిలో ఎక్కువ వాడిన రెండూ అంతే. ఆ రెండూ పక్కన పెట్టి, అదే సైజులో కొత్తవి తెచ్చుకుంది.